అప్‌డేట్: లంబసింగి వెళ్లొచ్చాం, టైర్లలో గాలి సంగతి

నా ప్రశ్న: అమలాపురం నుంచి కారులో లంబసింగి వెళ్తున్నాం. పైకెళ్తే టైర్లు ఉబ్బుతాయంటున్నారు, ముందే గాలి తగ్గించాలా?

తగ్గించలేదు, అదే మంచిదైంది. బయలుదేరే రోజు తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగా, డోరు పక్క స్టిక్కర్ మీద ఉన్నట్టే 33 పీఎస్‌ఐ పెట్టాను. ఘాట్ ఎక్కి ఆగగానే గేజ్ 37 చూపించింది. మా బావగారు కాస్త వదిలేద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. అది ఎక్కువగా పరుగు వేడికి పెరిగింది.

మర్నాడు ఉదయం, 8 డిగ్రీల చలిలో చూస్తే 31 కొంచెం పైన! లెక్క ఇదీ: సుమారు 3,000 అడుగుల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తగ్గి, గేజ్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ పెరగాలి. కానీ మా ఊళ్లో 28 డిగ్రీలు, అక్కడ 8. ఆ చలికి మూడు పీఎస్‌ఐ పడిపోయింది. ముందు రోజు 37 నుంచి 33కి వదిలేసి ఉంటే 28 లోపుకి దిగేది, మలుపుల్లో బండి బరువుగా తిరిగేది.

ఒక్క రాత్రి మకామే కాబట్టి గాలి నింపలేదు. ఇంటికొచ్చాక మర్నాడు ఉదయం చూస్తే మళ్లీ 33. అక్కడ వారం ఉండేవాళ్లు మాత్రం ఉదయాన్నే 33కి నింపుకుని, కోనసీమకు దిగాక మళ్లీ సరిచూసుకోండి.