ముగింపే నచ్చనప్పుడు, ముగింపు బయటపెట్టకుండా అభిప్రాయం రాయడం సాధ్యమేనా?

ప్రశ్న: ఒక నేరపరిశోధన సినిమా గురించి పది వాక్యాలు రాశాను. తొమ్మిది కథకే సరిపోయాయి, చివర “పర్వాలేదు, ఒకసారి చూడవచ్చు” అని ముగించాను. నిజానికి నాకు నచ్చనిది హంతకుడు హీరో అన్నయ్యే అని తేలడం. అది చెప్పకుండా నా మాట ఎలా తెలుస్తుంది?

రెండో_ఆట: కథంతా తీసివేసి, పైన 5కి 2.5 అని మార్కులు వేయండి. ఇంటర్వెల్ తరువాత జరిగేది ముట్టుకోకపోతే చాలు, ఎవరి ఆసక్తీ చెడదు.

ప్రూఫు_చూసేవాడు: కథ తగ్గించమన్న మాట సరైనదే గాని, మార్కులు ఎంత నచ్చిందో చెబుతాయి తప్ప ఎందుకో చెప్పవు. ఇంటర్వెల్ హద్దును కూడా నమ్మలేము, ఎందుకంటే మొదటి పావుగంటలోనే అసలు మలుపు పెట్టే సినిమాలు ఉన్నాయి.

ముందుగా మిమ్మల్ని బాధించినది అన్నయ్య హంతకుడు కావడమా, లేక అలా కావడానికి ముందు సన్నివేశాల్లో ఆధారం లేకపోవడమా అని తేల్చుకోండి. రెండవదైతే రహస్యం తాకకుండానే ఇలా రాయవచ్చు: “ఈ సినిమాను నేను సిఫారసు చేయను. ఊరు వదిలిన ఒక పోలీసు అధికారి పాత హత్య కేసు కోసం తిరిగి వస్తాడు. విచారణ సన్నివేశాలు బిగువుగా ఉన్నాయి గాని, దర్శకుడు చివర ఇచ్చిన జవాబుకు అంతకుముందు ఒక్క ఆనవాలూ వదలలేదు. ప్రేక్షకుడు తనంతట తాను ఊహించే అవకాశమే లేదు.” తీర్పు మొదటి వాక్యంలో ఉంది, కథ ఒక్క వాక్యంలో ముగిసింది, మిగిలినదంతా కారణమే.

ఒక జాగ్రత్త అవసరం. “అన్నయ్య పాత్రధారి చివర్లో అదరగొట్టాడు” అని మెచ్చుకున్నా గుట్టు బయటపడుతుంది, ఎందుకంటే చిన్న పాత్రకు చివర్లో అంత పని ఎందుకుందో చదివేవారు వెంటనే ఆలోచిస్తారు. సినిమా చూడనివారికి మీ రాత చూపించి, హంతకుడు ఎవరనిపిస్తోందో అడగండి. సరిగ్గా చెబితే ఏ మాట వల్ల తట్టిందో కనుక్కొని దానిని మార్చండి.

నవలా_ప్రియ: నేను ఒక నవల గురించి “చివరి అధ్యాయాన్ని ఊహించలేరు” అని మాత్రమే రాసినా, అది కూడా చెప్పకూడదని ఒకరు కోప్పడ్డారు. మలుపు ఉందని చెప్పడం కూడా తప్పేనా? పైగా అది ముప్పై ఏళ్ల క్రితం అచ్చయిన పుస్తకం.

ప్రూఫు_చూసేవాడు: పుస్తకం పాతదైనా, చదవబోయేవారికి కొత్తదే. మలుపు ఉందని తెలిస్తే పాఠకుడు ప్రతి పేజీలో దానినే వెతుకుతాడు గనుక నేనైతే ఆ వాక్యం తీసివేస్తాను.

రెండో_ఆట: ఇందుకు నేను ఒప్పుకోను. మలుపు ఉందని తెలిస్తేనే నెమ్మదిగా సాగే మొదటి సగాన్ని ఓపికగా చూసేవారు ఉన్నారు. పైగా “జవాబుకు ఆనవాలు లేదు” అన్న మీ వాక్యం కూడా, హంతకుడు ఎవరూ అనుమానించని మనిషని చెప్పేసినట్టే కదా?

ప్రూఫు_చూసేవాడు: కొంతవరకు చెబుతుంది, కాదనను. అయితే ఆ లోపాన్ని దాచి “పర్వాలేదు” అంటే తీర్పే అబద్ధమవుతుంది. నేను ఆ కొంత నష్టానికి సిద్ధపడతాను.