కలిసిన కథలకంటె విడిపోయిన కథలే ఎందుకు గుర్తుంటయి?

పరకాల రవి: దుష్యంతుడు, శకుంతల ఆఖరికి కలుస్తరు, అయినా జనం దేవదాసు కోసమే ఏడుస్తరు. ఎందుకు? చావు ఉన్నందుకేనా?

ఓరుగల్లు పిల్లోడు: అంతే అన్నా. ఎవలన్న చస్తేనే కథ పండుతది.

మడికొండ మాస్టర్: చావు ఒక్కటే అయితే ఏ కథైనా పండాలె. శరత్ 1917 నవల ‘దేవదాసు’ ఆఖరి ఘట్టం చూడండి. దేవదాసు చనిపోయే ముందు ఒక్కసారి వస్తనని పార్వతికి మాటిచ్చిండు. రోగంతోని పాండువా స్టేషన్ల రైలు దిగి ఎడ్లబండి ఎక్కుతడు. తొవ్వ పొడుగూత ‘ఇంకెంత దూరం’ అనే అడుగుడు. అర్ధరాత్రి ఆమె ఇంటి ముందర రావిచెట్టు కింద దించుతరు. దూరం ఒక గోడంత మిగిలింది, ఆమె లోపలే ఉన్నది, ఆమెకు తెల్వదు. మనకు తెలుసు. గుండె పట్టేది అక్కడ. అదే ఆమె బయటికొచ్చి నాలుగు మాటలు మాట్లాడితే చావు అట్లనే ఉంటది, ఆ బరువు మాత్రం ఉండదు.

స్వరూప: గోడ సంగతి తర్వాత, ఉత్తరం సంగతి చెప్పండి. రోమియోకు ఉత్తరం అందలేదంటే తెచ్చేటాయనను ప్లేగు భయంతోని ఇంట్ల పెట్టి తాళమేసిండ్రు. అది తలరాత. దేవదాసు ‘నిన్ను అంతగా ప్రేమించలేదు’ అని తన చేత్తోనే రాసిండు. దీన్ని విషాదం అంటరా, చేతగానితనం అంటరా?

మడికొండ మాస్టర్: పోస్టు చేసినంక వెంటనే పశ్చాత్తాపపడ్డడు గదమ్మా. వాపసొచ్చేసరికి ఆమె అభిమానం అడ్డమొచ్చింది. విలన్ లేడు. ఎవ్వల మీద కోపం తీర్చుకోవాల్నో తెల్వక చదివేటోడు ఆ బాధను ఇంటికి మోసుకపోతడు.

ఓరుగల్లు పిల్లోడు: నాక్కూడ ఒకామె మెసేజ్ చూసి జవాబియ్యలే. నేను గూడ దేవదాసునే 😔

స్వరూప: తమ్మీ, నువ్వు ఆగు. మాస్టరుగారూ, విలన్ లేడంటరా? వాపసొచ్చినోడు కాదన్నందుకు చేపల గాలం కర్రతోని ఆమె నొసలు పగలగొట్టిండు. ఆ మచ్చ ఎందుకు చెప్పలే?

మడికొండ మాస్టర్: కొట్టుడు తప్పే. నేను మాట్లాడేది కథ కట్టుడు గురించి, మంచి చెడ్డల గురించి కాదు.

స్వరూప: నాది అసలు ఆ పంచాయితే కాదు. అతను చచ్చిన సంగతి తెలిసి పార్వతి గేటు దిక్కు ఉరుకుతది, పట్టుకుంటరు, సోయి తప్పి పడిపోతది. ఆ తర్వాత రచయిత ఏమంటడు? పార్వతి ఎట్లున్నదో తెల్వదు, కనుక్కోవాలని గూడ లేదంటడు. దేవదాసు లాంటి అభాగ్యుని కోసం మాత్రం ప్రార్థించుమంటడు. మీరు మెచ్చే ఆ కట్టుడు పోయినోని కోసమే ఏడిపిస్తది, మిగిలినామెను గోడ అవతలే వదిలేస్తది.

పరకాల రవి: నేనడిగింది శకుంతల గురించి గూడ...

మడికొండ మాస్టర్: ఆ వాక్యం నాకూ గుర్తున్నది. ఆమె సంగతి చెప్పకపోవుడే ఆమెకు దక్కిన దుఃఖమని నేనంట. చెప్పి ఉంటే కథ చల్లబడేది.

స్వరూప: చల్లబడితే పడనీ. ఆమె బతికే ఉన్నది.