అప్‌డేట్: చెరువు మానుకుని గేదెలతో మొదలుపెట్టాను

నా ప్రశ్న: “చేతిలో రెండున్నర లక్షలు, పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర అరెకరం నేల ఉన్నాయి. కోళ్లు, గేదెలు, చేపలు, తేనెటీగలలో వేటితో మొదలుపెడితే నష్టభయం తక్కువ?”

తేనెపెట్టెలు చవకే అయినా, వరి, చెరువులు తప్ప పూత లేని మా చోట ఎక్కువ నెలలు పంచదార పాకం పోయాల్సి వచ్చేది. కోళ్ల ఆలోచనను తెగులు భయంతో వదిలేశాను.

చేపల మీద మనసు విరిగింది మా బావగారి చెరువు గట్టున. మూడు రోజులు మబ్బు పట్టడంతో, ఎండ లేక నీటిలోని పచ్చనాచు పగలు ప్రాణవాయువును చాలినంత తయారుచేయలేదు. రాత్రి ఉన్నదాన్నీ అదే పీల్చేసింది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. నీటిలో గాలి కలిపే ఏరేటరు యంత్రం తెచ్చేలోపు సగం పోయాయి. లీజు, చేపపిల్లలు, మేత డబ్బంతా ఒకే నీటిలో ఉండటమే అసలు ప్రమాదం.

గేదెను కొనేటప్పుడు వరుసగా మూడు పూటలు దగ్గరుండి పితికించాను. మొదటి పూట ఆరు లీటర్లు వచ్చాయి, తర్వాత మూడున్నర, మూడు. ముందు పూట పితకకుండా పొదుగు నింపి చూపించారన్నమాట! బేరం తగ్గించి తొంభై వేలకు తెచ్చాను. రెండో గేదెను ఐదు నెలల తర్వాత కొన్నాను, ఎందుకంటే రెండూ ఒకేసారి వట్టిపోతే పాల కేంద్రానికి పాలు పోయడం ఆగినా దాణా ఖర్చు ఆగదు. రెండింటికీ బీమా చేయించాను. బీమా గుర్తుగా వేసిన చెవి ట్యాగు ఊడితే క్లెయిము రాదని రోజూ తడిమి చూస్తున్నాను.