ఎత్తిపొడుపు తీసేస్తే అసలు విషయం కూడా పోతుందా?

కాగితప్పడవ:
టీమ్ గ్రూప్‌లో పెడదామని ఇది రాసుకున్నా, ఇంకా పంపలేదు. "కొందరు మహానుభావులకి గడువంటే ఉత్త సలహా కాబోలు లెండి. పర్లేదు, వాళ్ల షీట్ కోసం రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోడానికి మేమున్నాంగా! 🙂" పంపితే గొడవ, మర్యాదగా మారిస్తే చప్పగా అయిపోతోంది. ఎలా రాయాలి?

ముక్కుసూటి:
ఏమీ మార్చకుండా పంపేయండి. మెత్తగా రాసిన మెసేజ్‌లు ఎవరూ చదవరు, ఇదైతే కనీసం చురుక్కుమంటుంది.

చివరి_వరుస:
చురుక్కుమనేది ఎవరికి? పేరు లేదు కదా. నా సలహా ఏంటంటే మనిషిని పూర్తిగా పక్కన పెట్టి "షీట్ ఆలస్యంగా అందుతోంది, అందరూ గమనించగలరు" అని రాయండి, ఎవరినీ అన్నట్టు ఉండదు.

పాత_ఫైలు:
మనిషిని తిట్టకుండా పని గురించి రాయమన్నంత వరకు సరే. కానీ "అందరూ గమనించగలరు" కూడా "కొందరు" లాంటిదే, కాస్త ఇస్త్రీ చేసిందంతే. టైమ్‌కి పంపేవాళ్లు తమనేమో అని కంగారుపడతారు, ఆలస్యం చేసేవాడు ఇంకెవరి గురించో అనుకుంటాడు.

కాగితప్పడవ గారూ, మీ మెసేజ్‌లో తిట్టు ఒక్కటీ లేదు చూడండి. విషమంతా "మహానుభావులు", "లెండి", "పర్లేదు", "మేమున్నాంగా"లో చివరి "గా", ఆ నవ్వు బొమ్మ, వీటిలోనే ఉంది. అవి తీసేస్తే మిగిలేది రెండే ముక్కలు: షీట్ లేటు, మీరు తొమ్మిదింటి దాకా ఉన్నారు. ఏ రోజు రావాలి, ఏ రోజు వచ్చింది, ఇకముందు ఏం కావాలి అనేవి అసలు రాయనే లేదు. చప్పగా అనిపించేది అందుకే. మర్యాద ఎక్కువై కాదు, ఉప్పు మొదటి నుంచీ లేదు. ఆ మూడూ ఇక్కడ రాయండి, మెసేజ్ దానంతటదే వస్తుంది.

వానాకాలం:
నా మీదే ఇలాంటి మెసేజ్ పడింది. ఆ "కొందరు" నేనేనేమోనని నాలుగు రోజులు టెన్షన్ పడి, అడిగితే "అయ్యో నువ్వు కాదు" అన్నారు! మీకు జవాబివ్వాలంటే నేరుగా ఫోన్ చేసి అడిగేయండి, మనసులో పెట్టుకోవద్దు.

కాగితప్పడవ:
వానాకాలం గారూ, రాసింది నేనేనండీ, నా మీద పడింది కాదు 🙂 (ఇది మామూలు నవ్వే.)
బుధవారం సాయంత్రం 5కి రావాలి. గత మూడు వారాల్లో రెండుసార్లు గురువారం మధ్యాహ్నం వచ్చింది. నా రిపోర్ట్ శుక్రవారం ఉదయానికి వెళ్లాలి. నిజం చెప్పాలంటే బుధవారం 5 అనేది మీటింగ్‌లో నోటిమాటగా అనుకున్నదే, ఎక్కడా రాసుకోలేదు.

పాత_ఫైలు:
ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. అతనికి అది గడువని గుర్తుందో లేదో మీకే తెలియదన్నమాట. అందుకే గ్రూప్‌లో కాదు, విడిగా ఇలా పంపండి:

"... గారూ, షీట్ బుధవారం సాయంత్రం 5కి అని మీటింగ్‌లో అనుకున్నట్టు నాకు గుర్తు. గత మూడు వారాల్లో రెండుసార్లు గురువారం మధ్యాహ్నం అందింది. ఆ రెండు రోజులూ రిపోర్ట్ పూర్తి చేసేసరికి రాత్రి 9 అయింది. వచ్చే వారం నుంచి బుధవారం 5కి పంపగలరా? ఆ టైమ్ మీకు కుదరకపోతే, ఏ టైమ్ కుదురుతుందో చెప్పండి."

తొమ్మిది గంటల సంగతి ఉంచాను. అది జరిగిన విషయం, ఒక్కసారి చెబితే చాలు. "ఎప్పుడూ ఇంతే" అని ఉంటే, మూడోసారి టైమ్‌కే పంపాను కదా అని దాన్నే పట్టుకుని వాదించేవాడు. "వీలైతే కాస్త ముందుగా" అనీ రాయలేదు, ఎంత ముందుగానో ఎవరికి తెలుసు?

ముక్కుసూటి:
బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఇదే విడిగా రెండోసారి పంపాల్సి వస్తే? అప్పుడైనా నలుగురి ముందు పెట్టాలా వద్దా?

పాత_ఫైలు:
అప్పుడు పైవాళ్లకి చెబుతాను, ఇవే తేదీలతో. గ్రూప్‌లో మాత్రం పెట్టను.

ముక్కుసూటి:
పైవాళ్లకి చెప్పడం కంటే గ్రూప్‌లో అనడమే నయం అంటాను. కనీసం వెనకాల చేసినట్టు ఉండదు.

కాగితప్పడవ:
పంపేశాను, "ఆ టైమ్ మీకు కుదరకపోతే" దగ్గర చిన్న మార్పుతో. జవాబు వచ్చింది: "ఓకే 👍".

చివరి_వరుస:
ఆ బొటనవేలు ఒప్పుకున్నట్టా, ఒళ్లు మండినట్టా?

కాగితప్పడవ:
అదే చూస్తూ కూర్చున్నా. బుధవారం 5 దాటాక చెబుతాను.