‘పావలా వడ్డీ’ అంటే ఏడాదికి ఎంత?

పలకబలపం: పొదుపు సంఘాల గురించిన పాత వార్తలో ‘పావలా వడ్డీకే రుణం’ అని ఉంది. మా అబ్బాయి ఇరవై అయిదు శాతం అంటున్నాడు, నేను పావు శాతం అంటున్నాను. ఎవరిది సరి?

నిఘంటుప్రియ: వడ్డీ మూలం సంస్కృత ‘వృద్ధి’. ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది.

పలకబలపం: బాగుందండీ, కానీ నేను అడిగింది లెక్క.

లెక్కలమాస్టారు: ఇద్దరిదీ తప్పే. మన వాడుకలో వడ్డీని నూటికి, నెలకు చెబుతాం. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, పావలా అంటే 3 శాతం. అంటే బ్యాంకు 3 శాతానికే అప్పు ఇచ్చిందన్నమాట.

పాత సంఘమిత్ర: చివరి మాట తప్ప అంతా సరే మాస్టారూ. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో పథకం మొదలైనప్పుడు కూడా బ్యాంకు తన వడ్డీ తాను వేసుకునేది. పావలాకు పైబడినది ప్రభుత్వం తర్వాత సంఘానికి తిరిగి ఇచ్చేది, అదీ వాయిదాలు తప్పకుండా కడితేనే. ఒక సభ్యురాలు సంఘం అప్పులోంచి గేదె కోసం 50,000 తీసుకుందనుకోండి. రూపాయి వడ్డీకి, 24 నెలలకు, నెల వాయిదా సుమారు 2,354 అవుతుంది. మొదటి నెల అందులో వడ్డీ 500. ఆమె మొత్తం కట్టాలి. అందులో పావలా వంతు 125 మాత్రమే ఆమెది, 375 వెనక్కి వస్తుంది. రెండో నెలకు అసలు 48,146కి దిగుతుంది, వడ్డీ 481 అవుతుంది. కానీ బ్యాంకు చూసేది సంఘం ఖాతానే. ఒకరు ఎగ్గొడితే ఆ నెల వాయిదా తక్కువ పడుతుంది, పదిమందికీ రావలసిన డబ్బుకు ఎసరు వస్తుంది. అందుకే చాలా సంఘాల్లో సమావేశం రోజునే పొదుపులోంచి సర్ది కట్టేసి, తర్వాత ఆమె దగ్గర వసూలు చేసుకుంటారు.

పాడిపంట: మా ఇంట్లో గేదెనే కొన్నాం. ఈనిన కొత్తలో పాల బిల్లు పదిహేను రోజులకోసారి వచ్చేది, వాయిదా కష్టమనిపించలేదు. వట్టిపోయాక పాలు ఆగాయి గానీ వాయిదా ఆగలేదు. మేత ఖర్చూ ఆగలేదు. పాలున్న నెలల్లోనే ఒక బిల్లు పక్కన పెట్టి ఉండాల్సింది.

పాత సంఘమిత్ర: అందుకే వెంటనే పాలిచ్చే గేదెను కొనమంటాం. మేకలు, గొర్రెలైతే డబ్బు అమ్మినప్పుడే కనబడుతుంది, అప్పటిదాకా నెలవారీ వాయిదాకు కూలి డబ్బో మరొకటో ఉండాలి.

నిఘంటుప్రియ: పావలా నాణెం 2011లో చెలామణీ నుంచి పోయింది. మరి మాట?

పాత సంఘమిత్ర: 2012లో పథకం కూడా ‘వడ్డీ లేని రుణం’ అయింది. మా ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ పావలా వడ్డీ అనే అంటారు.

లెక్కలమాస్టారు: మాట అలా ఉంటే పిల్లలు ఇరవై అయిదు శాతం అనుకోరా?

పలకబలపం: మా అబ్బాయి ఇంకా ఒప్పుకోలేదు, మాస్టారూ.