ఎక్స్‌పైరీ వారంలో పీసీఆర్ పెరిగితే బుల్లిష్ అనుకోవచ్చా?

గవర్నర్‌పేట కుర్రాడు: ఒక షేరు పుట్-కాల్ రేషియో, అదే పీసీఆర్, ఈ వారం 0.6 నుంచి 1కి వచ్చింది. నిఫ్టీలో చూసినట్టే చూసి, పుట్లు అమ్మే రైటర్లు దిగారనుకుని కొనొచ్చా?

బెజవాడ చార్ట్స్: కొనొచ్చు తమ్ముడూ. ఆప్షన్ అమ్మాలంటే మార్జిన్ బాగా కట్టాలి, అంటే డబ్బున్నవాళ్లే అమ్ముతారు. వాళ్లు పుట్లు అమ్ముతున్నారంటే షేరు కింద పడదని నమ్మకం ఉన్నట్టే.

బ్రాడీపేట ఆప్షన్స్: అమ్మినవాళ్ల వైపు నుంచి చదవడం వరకు సరేనండీ. కానీ పీసీఆర్ ఒక భాగహారం: పుట్ల ఓఐని కాల్స్ ఓఐతో భాగిస్తే వచ్చేది. ఓఐ అంటే ఓపెన్ ఇంటరెస్ట్, ఇంకా మూసేయకుండా ఉన్న కాంట్రాక్టుల లెక్క. పైనున్న పుట్లు పెరిగాయా, కిందున్న కాల్స్ తగ్గాయా చూడాలి.

ఉదాహరణకి లాట్ 500 షేర్లు, ధర 1000 అనుకుందాం. పుట్ ఓఐ 6,000 లాట్లు, కాల్ ఓఐ 10,000. పీసీఆర్ 0.6. ధర 1040కి వెళ్లింది. 1000 కాల్, అంటే షేరుని 1000కి కొనే హక్కు, కొన్నవాడు ప్రీమియం 20 రూపాయల చొప్పున లాట్‌కి పదివేలు పెట్టి ఉంటాడు. ఎక్స్‌పైరీ దాకా ఉంచుకుంటే అయిదు లక్షలు కట్టి 500 షేర్లు తీసుకోవాలి, ఎందుకంటే 2019 అక్టోబరు నుంచి స్టాక్ ఆప్షన్లన్నిటికీ డెలివరీ తప్పనిసరి. పైగా చివరి నాలుగు రోజులూ కొన్నవాడికి కూడా డెలివరీ మార్జిన్ మెట్లెక్కినట్టు పెరుగుతుంది. అంత డబ్బు లేనివాడు ముందే అమ్మేసుకుంటాడు. అలా వచ్చిన 4,000 లాట్లని మొదట అమ్మినవాళ్లే తిరిగి కొని మూసేస్తే కాల్ ఓఐ 6,000కి దిగుతుంది. పుట్ అంటే అమ్మే హక్కు, ధర 1040 ఉండగా 1000 పుట్లు ఎలాగూ సున్నా అయ్యేవే, వాటిని ఎవరూ కదపలేదనుకుందాం. పీసీఆర్ 1 అయింది, కొత్తగా ఒక్క పుట్ కూడా అమ్మలేదు.

మిర్చి టిక్కీ: అన్నా, ఓఐ అంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల లెక్క లాంటిదేగా? తగ్గిందంటే సరుకు అయిపోతున్నట్టు, రేటు పెరగాలి కదా.

బ్రాడీపేట ఆప్షన్స్: కాదు తమ్ముడూ. టిక్కీ ఎన్ని చేతులు మారినా టిక్కీగానే ఉంటుంది. కాంట్రాక్టు అలా కాదు: కొత్తగా కొనేవాడూ కొత్తగా అమ్మేవాడూ కలిస్తే పుడుతుంది, పాతవాళ్లిద్దరూ బయటపడితే పోతుంది. పాతవాడు తనది కొత్తవాడికి అంటగడితే ఓఐ కదలదు. అది తగ్గినంత మాత్రాన కొరత వచ్చినట్టు కాదు.

బెజవాడ చార్ట్స్: లెక్క ఒప్పుకుంటా. కానీ నిఫ్టీలో డెలివరీ లేదు, తేడా నగదుగా వచ్చేస్తుంది. అక్కడైనా పీసీఆర్ నికార్సుగా ఉంటుందిగా?

బ్రాడీపేట ఆప్షన్స్: డెలివరీ భయంతో మూసేసే ఒత్తిడి అక్కడ లేదు, అంతవరకే. చేతిలో షేర్లున్న పెద్ద ఫండ్ రక్షణ కోసం పుట్లు కొన్నా ఓఐ అంతే పెరుగుతుంది. అది ఎవరి పనో ఓఐ అంకెలు చూపే ఆప్షన్ చైన్ చెప్పదు. స్టాక్‌కయితే నేను వచ్చే నెల ఎక్స్‌పైరీ పుట్ ఓఐ కూడా చూస్తాను. అక్కడ పెరుగుతూ పుట్ ప్రీమియం తగ్గుతుంటే మీ మాటకి కొంత బలం.

బెజవాడ చార్ట్స్: షేరు పెరిగితే పుట్ ప్రీమియం ఎలాగూ తగ్గుతుందండీ, అమ్మకం వల్లే అని ఎలా అంటారు?

బ్రాడీపేట ఆప్షన్స్: నిజమే. ధర కదలని రోజుల్లోనే ఆ గుర్తు పనికొస్తుంది. నా ఉదాహరణలోలా షేరు 4 శాతం ఎగిరిన వారంలో పీసీఆర్ ఒక్కదాన్నీ చూసి నేనైతే కొనను.