అప్‌డేట్: మా అబ్బాయి గార్డియన్‌షిప్, ట్రస్టు

నేను అడిగింది: "మా అబ్బాయికి 26 ఏళ్లు, బుద్ధిమాంద్యం. మా తర్వాత వాళ్లక్క చూసుకుంటుందని ఆస్తంతా ఆమె పేర రాసేయొచ్చా?"

రాయలేదండీ. రాస్తే అది ఆమె సొంతమే. రేపు ఆమెకేదైనా అయితే అల్లుడికీ పిల్లలకీ వెళ్తుంది, తమ్ముడు అడగడానికి ఏమీ ఉండదు. అమ్మాయే ఈ మాట అంది.

కొద్ది మొత్తంతో వాడి కోసం ప్రైవేటు ట్రస్టు పెట్టాం. ఇల్లు, డిపాజిట్లు మా తదనంతరం అందులోకి చేరేలా ఇద్దరం విడివిడిగా వీలునామాలు రాశాం. ఇల్లు ఇప్పుడే బదలాయిస్తే స్టాంపు డ్యూటీ, పైగా మాకే నీడ ఉండదు. డిపాజిట్లకు నామినీగా వాడి పేరు తీసేశాం. డబ్బు నేరుగా వాడి చేతికొస్తే సంతకం దగ్గరే ఆగిపోతుంది.

18 నిండాక తల్లిదండ్రులు కూడా ఆటోమేటిగ్గా గార్డియన్లు కారు. నేషనల్ ట్రస్టు చట్టం (1999) కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి ఫారం-ఎ పెట్టి, నేను గార్డియన్‌నయ్యాను. నియామకమైన 6 నెలల్లోగా వాడి ఆస్తుల జాబితా ఇవ్వాలి, తర్వాత ఏటా లెక్కలు. నా తర్వాత అక్క మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి, వారసత్వంగా రాదు.

ట్రస్టీల్లో అక్కతోపాటు మా బావమరిది కొడుకును పెట్టాం. చూసుకునే మనిషే ఒంటరిగా చెక్కుల మీద సంతకం పెట్టకూడదని. అక్కకు నెలనెలా ఖర్చులు ఇవ్వాలని కూడా డీడ్‌లో రాయించాం, దీనికి మా బంధువులు మూతి ముడిచారు.

మాత్రల వేళలు, కుక్కర్ విజిల్‌కు భయపడటం, పెరుగన్నం ముందు తినడం లాంటివన్నీ మా ఆవిడ విడిగా నోటుపుస్తకంలో రాస్తోంది.